నంబరు కలిసినా క్లచ్ జారొచ్చు

"బావా, ఇది మన స్ప్లెండర్‌కి పనికొస్తుందా?" అని షాపులోంచే ఇంజిన్ ఆయిల్ బాటిల్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. అవతలివాళ్లు పెద్దక్షరాల్లో 10W-30 చూస్తారు. స్ప్లెండర్ ప్లస్‌కి కంపెనీ చెప్పేదీ అదే గ్రేడు కాబట్టి పోయించుకోమంటారు. చిక్కు ఇక్కడే ఉంది. యాక్టివాకి పోసే ఆయిల్ మీదా 10W-30 అనే ఉంటుంది. ఆ రెండూ ఒకటి కావు.

ముందు ఫొటోలో ఏది ఏమిటో విడదీసుకోవాలి. కాస్ట్రాల్ అన్నది కంపెనీ. యాక్టివ్, పవర్ వన్ అన్నవి అది అమ్మే రకాల పేర్లు. ఒక్క యాక్టివ్ పేరుతోనే వేర్వేరు గ్రేడులు దొరుకుతాయి కాబట్టి పేరు గుర్తుపట్టినంత మాత్రాన ఏమీ తేలదు. 4T అంటే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కి అని మాత్రమే. 10W-30లో మొదటి అంకె, W కలిసి చల్లటి ఇంజిన్ స్టార్టయ్యేటప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతాయి, రెండోది ఇంజిన్ బాగా వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. పక్కనే API SL అని ఉంటే అది నాణ్యత మెట్టు. మాన్యువల్ SL అడిగితే దానికన్నా పై మెట్టయిన SN పనికొస్తుంది, పాతదైన SJ మాత్రం వద్దు.

అసలు తీర్పు చెప్పేది JASO అన్న జపాన్ ప్రమాణం. బాటిల్ వెనక చిన్న పెట్టెలో పైన ఒక నంబరు, కింద MA, MA2 లేదా MB అని ఉంటుంది. కొన్ని బాటిళ్లపై పెట్టె లేకుండా ఉత్త అక్షరాలే అచ్చేస్తారు. గేర్లు మార్చి నడిపే మామూలు బైకులో ఇంజిన్, గేర్‌బాక్సు, క్లచ్ ప్లేట్లు మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే ఇంజిన్ బలం వెనక చక్రానికి చేరుతుంది. ఆ పట్టు చెడకుండా ఉండే ఆయిల్ MA. అందులోనే పట్టు ఎక్కువగా ఉండేది MA2. MB మరింత జారుడుగా ఉంటుంది. యాక్టివా లాంటి స్కూటర్లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌కి దూరంగా, పొడిగా ఉంటుంది కాబట్టి వాటికి ఆ జారుడు మంచిదే, రాపిడి తగ్గుతుంది. స్ప్లెండర్‌లో అదే ఆయిల్ పోస్తే ప్లేట్లు జారే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఒక ఫొటో చూద్దాం. ముందువైపు 4T, 10W-30, API SL అని స్పష్టంగా ఉంది. మూలన 800 మి.లీ. అని కనిపిస్తోంది. స్కూటర్ ఆయిల్ ఎక్కువగా ఆ కొలతలోనే వస్తుంది కనక అనుమానం మొదలవ్వాలి, కానీ కొలత ఒక్కటే రుజువు కాదు. వెనకవైపు ఫొటో అడిగాం. వచ్చింది, అయితే వాట్సాప్ కుదించేసరికి M పక్కనున్న అక్షరం A నో B నో తెలియడం లేదు. ఊహించి చెప్పకూడదు. ఆ పెట్టెనొక్కదాన్నే దగ్గరగా, ఫ్లాష్ లేకుండా, బాటిల్‌ను కాస్త పక్కకు తిప్పి తీయమనాలి. గుండ్రటి ప్లాస్టిక్ మీద వెలుగు పడితే అంకెలు కూడా మోసం చేస్తాయి, 10W-30, 10W-40 ఒకేలా కనిపిస్తాయి. దగ్గరి ఫొటోలో MB అని తేలింది. స్ప్లెండర్‌కి వద్దు, గ్రేడు సరిపోయినా సరే.

JASO అన్న మాటే లేని బాటిల్ కూడా తగలొచ్చు. అది చాలావరకు కార్ల ఆయిల్ అయ్యుంటుంది. API గుండ్రటి ముద్ర కింది అంచున Resource Conserving అని ఉంటే ఇంధనం ఆదా కోసం రాపిడి తగ్గించే మందులు కలిపారని అర్థం. తడి క్లచ్ బండికి అదీ వద్దు.

ఈ పరీక్షంతా లేబుల్ నిజమైనదన్న నమ్మకం మీదే నడుస్తుంది. నకిలీ బాటిల్ మీదా MA2 అని అచ్చేయొచ్చు, దాన్ని ఫొటో పట్టివ్వదు. మూత సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు షాపులోనే చూసుకుని బిల్లు తీసుకోవాలి.

MB ఇప్పటికే పోసేశారా? ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేర్లో యాక్సిలేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరిగి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. తప్పు ఆయిల్‌దే అనేముందు క్లచ్ కేబుల్ బిగుసుకుందేమో చూడండి, అప్పుడూ ఇదే లక్షణం కనిపిస్తుంది. కేబుల్ సరిగ్గా ఉంటే ఆ ఆయిల్ పూర్తిగా దింపించి MA గానీ MA2 గానీ పోయించండి. కొంతదూరం నడిపాక కూడా జారుతూనే ఉంటే క్లచ్ విప్పించి ప్లేట్లు చూపించాలి.