విమానంలో 164 మంది, స్టేడియంలో 70 వేలు

ఉగ్రవాదులు హైజాక్ చేసిన ప్రయాణికుల విమానం ఒకటి జనంతో కిక్కిరిసిన ఫుట్‌బాల్ స్టేడియం వైపు దూసుకుపోతోంది. విమానంలో 164 మంది, స్టేడియంలో 70 వేల మంది ఉన్నారు. వెంబడిస్తున్న యుద్ధ విమానం పైలట్‌కు కూల్చమని పైనుంచి ఆదేశం రాలేదు. అయినా అతను క్షిపణి పేల్చాడు. 164 మందీ చనిపోయారు. అతను హంతకుడా?

జర్మన్ రచయిత ఫెర్డినాండ్ ఫాన్ షిరాక్ రాసిన 'టెరర్' నాటకం ఈ కేసు విచారణే. చివర్లో తీర్పు చెప్పేది ప్రేక్షకులు. 2016 అక్టోబరులో దాన్ని సినిమాగా తీసి టీవీలో చూపించినప్పుడు, ఓటేసిన జర్మన్లలో దాదాపు 87 శాతం మంది పైలట్ నిర్దోషి అన్నారు.

వాళ్లు చేసిన లెక్క మనకూ వెంటనే తోచేదే. ఇంగ్లండ్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1789లో దానికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దాని ఫలితమే చెబుతుంది, అందరి మేలునూ కీడునూ కూడి చూడాలి, ఎవరి సుఖదుఃఖాలైనా ఆ లెక్కలో సమానమే అంటుంది ప్రయోజనవాదం. కూల్చితే 164 మంది పోతారు, ఊరుకుంటే ఆ 164 మందితో పాటు వేలమంది పోతారు. విమానంలోని వాళ్లు ఎలాగూ బతకరు కదా అన్నది ఇందులో అన్నిటికంటే బలమైన మాట.

దీనికి ఎదురు నిలిచేది కర్తవ్యవాదం. మనిషిని ఎప్పుడూ కేవలం ఒక సాధనంగా వాడుకోకూడదని జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో రాశాడు. ఫలితం ఎంత గొప్పదైనా కొన్ని పనులు చేయకూడదు. వస్తువుకు వెల కట్టవచ్చు, ఒకదాని బదులు మరొకటి తెచ్చుకోవచ్చు. మనిషికి ఉన్నది వెల కాదు, గౌరవం. అందుకే ఒక ప్రాణాన్ని ఇంకో ప్రాణంతో తూచడం కుదరదు.

ఈ వాదం పుస్తకాల్లోనే ఉండిపోలేదు. 2003 జనవరిలో సాయుధుడైన ఒక వ్యక్తి చిన్న విమానాన్ని ఎత్తుకెళ్లి, ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని బ్యాంకుల భవనాల మీద చక్కర్లు కొడుతూ కూలుస్తానని బెదిరించాడు. చివరికి ఎవరికీ హాని లేకుండా దిగాడు. అమెరికాలో సెప్టెంబరు 11 దాడులు జరిగి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. 2005లో జర్మనీ చట్టం తెచ్చింది: విమానాన్నే ఆయుధంగా చేసి జనాన్ని చంపబోతుంటే, ఇంకే దారీ లేనప్పుడు, రక్షణ మంత్రి ఆదేశంతో దాన్ని కూల్చవచ్చు.

2006 ఫిబ్రవరి 15న రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. మానవ గౌరవానికి భంగం కలగరాదన్నది జర్మన్ రాజ్యాంగంలో మొట్టమొదటి అధికరణం. నిస్సహాయంగా సీట్లలో కూర్చున్న ప్రయాణికులను ఇతరులను కాపాడేందుకు ప్రభుత్వమే చంపితే, వాళ్లను వస్తువులుగా చూసినట్టేనని కోర్టు చెప్పింది. ఎలాగూ చనిపోతారన్న వాదాన్నీ ఒప్పుకోలేదు. బతికేది ఇంకెంతసేపన్న దానితో పని లేకుండా మనిషి గౌరవం ఒక్కటే. విమానం ఎక్కారంటే ఇలాంటి చావుకు మనసులో ఒప్పుకున్నట్టేనన్న వాదం వాస్తవానికి దూరమంది. మరి నేల మీది వాళ్ల సంగతి? వాళ్లను కాపాడే బాధ్యత ప్రభుత్వానికి ఉంది, కానీ రాజ్యాంగం ఒప్పుకునే పద్ధతుల్లోనే కాపాడాలి. విమానంలో దాడి చేసేవాళ్లే ఉంటే సంగతి వేరు. వాళ్ల చేతలకు వాళ్లదే బాధ్యత కాబట్టి, కూల్చినా వాళ్ల గౌరవానికి భంగం కలిగినట్టు కాదు.

నాకు ఈ తీర్పులో మరీ ముఖ్యంగా తోచినది ఇంకొకటి ఉంది. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లకు నిశ్చయంగా తెలియదని పైలట్ల సంఘం కోర్టుకు వివరించింది. నిర్ణయానికి ఉండేది కొద్ది నిమిషాలు, చేతిలో ఉండేది అనుమానం. 2001 సెప్టెంబరు 11న యునైటెడ్ 93 విమానంలో ప్రయాణికులు హైజాకర్ల మీద తిరగబడ్డారు. ఆ విమానం పెన్సిల్వేనియాలోని ఒక పొలంలో కూలింది, గమ్యం చేరలేదు. ఎలాగూ చనిపోతారన్న మాట ప్రయోజనవాది లెక్కకు ఆధారం. ఆ మాటే ఖాయం కానప్పుడు లెక్క కూడా నిలవదు. జాగ్రత్తగా ఆలోచించే ప్రయోజనవాది మరొకటి కూడా అడగాలి: అనుమానం మీద పౌరులను చంపే అధికారం ప్రభుత్వానికి ఒకసారి ఇస్తే, దాన్ని ఎన్నిసార్లు తప్పుగా వాడతారు?

అయితే కాంట్ పక్షానికీ తేలిగ్గా తప్పించుకునే దారి లేదు. విమానం నిజంగానే స్టేడియంలో కూలితే, చనిపోయినవాళ్ల పిల్లలకు రాజ్యాంగ అధికరణం చూపించి ఓదార్చలేం. కోర్టుకూ ఈ బరువు తెలుసు. చట్టం ముందుగా అనుమతి ఇవ్వకూడదని మాత్రమే అది తేల్చింది. నిజంగా ఎవరైనా కూల్చితే నేరశిక్షాస్మృతి కింద అతన్ని ఎలా చూడాలన్నది తేల్చకుండా వదిలేసింది.

నా మటుకు నేను కోర్టు పక్షమే. ఆ క్షణంలో పైలట్ చేసినదాన్ని తర్వాత క్షమించవచ్చునేమో గానీ, ఫలానా పరిస్థితిలో మిమ్మల్ని చంపవచ్చని ప్రభుత్వం ముందే చట్టంలో రాసి పెట్టుకోకూడదు.