నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గితే కరిగిన కొవ్వెంత?

ప్యాంటు వదులైందంటే ఒంట్లోంచి ఎన్ని కిలోల కొవ్వు పోయినట్టు? టేపు, బరువు తూచే యంత్రం ఉంటే సుమారుగా లెక్కగట్టొచ్చు.

170 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక మగమనిషిని తీసుకుందాం. మూడు నెలల్లో ఆయన నడుము 96 నుంచి 92 సెంటీమీటర్లకు, బరువు 78 నుంచి 75 కిలోలకు తగ్గిందనుకోండి. అమెరికాలోని సీడర్స్ సైనాయ్ వైద్య కేంద్రం పరిశోధకులు 2018లో ఒక సూత్రం ఇచ్చారు. ఎత్తును నడుము కొలతతో భాగించి, 20తో గుణించి, వచ్చినదాన్ని 64లోంచి తీసేస్తే శరీరంలో కొవ్వు శాతం వస్తుంది. ఆడవాళ్లకైతే 76లోంచి తీసెయ్యాలి.

ఈయనకు మొదట 28.6 శాతం వస్తుంది. 78 కిలోల్లో అది 22.3 కిలోలు. ఇప్పుడు 27 శాతం, అంటే 75 కిలోల్లో 20.3 కిలోలు. కరిగింది రెండు కిలోలు. బరువులో తగ్గిన మూడో కిలో నీరు, కండ వంటివన్నమాట.

ఇది నమ్మదగిందేనా? ఇంకో దారిలో చూద్దాం. నడుమును గుండ్రని గొట్టం అనుకుంటే, చుట్టుకొలత 96 నుంచి 92కు దిగినప్పుడు అడ్డుకోత వైశాల్యం దాదాపు 60 చదరపు సెంటీమీటర్లు తగ్గుతుంది. పొట్ట భాగం పొడవు 30 సెంటీమీటర్లు అనుకుంటే 1.8 లీటర్లు. కొవ్వు నీటికన్నా తేలిక కాబట్టి సుమారు 1.6 కిలోలు. తొడలు, చేతుల్లో కరిగింది ఇందులో లేదు. నిజానికి నడుము అంత గుండ్రంగానూ ఉండదు. అయినా రెండు లెక్కలూ దగ్గర్లోనే నిలిచాయి, అదే నాకు భరోసా.

ఆ సూత్రం అమెరికా పెద్దల కొలతల మీద కట్టింది. మనవాళ్లకు అసలు శాతంలో కొంత తేడా రావచ్చు. కానీ ఒకే మనిషి పాత కొలతనూ కొత్త కొలతనూ పోల్చినప్పుడు ఆ తేడా చాలావరకు రెండు వైపులా సమానంగా ఉంటుంది.

అసలు చిక్కు టేపుతోనే. ఒక్క సెంటీమీటరు తప్పు పడితే ఈయన లెక్క దాదాపు 300 గ్రాములు మారిపోతుంది. గ్యాసు, రాత్రి భోజనం, ఆడవాళ్లకు నెలసరి ముందు ఉబ్బరం కూడా నడుము కొలతను పెంచేస్తాయి. అందుకే పొద్దున్నే పరగడుపున, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, చర్మాన్ని నొక్కకుండా కొలవాలి. వరసగా కొన్ని రోజులు కొలిచి సగటు తీసుకోవాలి. ఒక్క సెంటీమీటరు తగ్గుదలను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గినా బరువు 78 దగ్గరే ఆగిపోతే? అదే సూత్రం ప్రకారం 1.2 కిలోల కొవ్వు పోయి, అంతే బరువు కండగానో నీరుగానో చేరింది. వ్యాయామం మొదలుపెట్టినవాళ్లలో ఇలా జరగొచ్చు, వాళ్లు బరువు ముల్లునే చూసి మానేస్తే నష్టపోతారు.