60 శ్వాసలు, రెండు గంటలు

పుట్టి వారమైనా నిండని బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటోందో లెక్కపెట్టడం చూడటానికి చిన్న పనే. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తుంటే, రెండోసారి లెక్కపెట్టినా అంతే వస్తే, ఆ బిడ్డను వెంటనే ఆస్పత్రికి పంపాలి. లోపల తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉందనడానికి అదొక సంకేతం. ఆస్పత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూసి రావాలి. ఆ ఆరుసార్లూ ఈ లెక్క ఆమె చేతిలోనే ఉంటుంది.

తెలంగాణ సరిహద్దుకు అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు ఈ పనిని గ్రామ మహిళలకు నేర్పించారు. ఇంటికెళ్లి పసిబిడ్డలను చూసుకునే శిక్షణ పొందిన మహిళలున్న గ్రామాల్లో నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వాళ్లు ప్రచురించారు. అంకెలు రానివాళ్ల కోసం వాళ్లు పూసల పరికరం ఒకటి తయారు చేశారు. ఇసుక గడియారం నడుస్తుండగా పది శ్వాసలకొక పూస చొప్పున జరుపుకుంటూ పోవాలి. నేర్చుకునే మనిషి ఎక్కడ తడబడుతుందో ముందే గమనించి, దానికి తగ్గట్టు పనిముట్టు చేశారన్నమాట. పెద్దవాళ్లకు శిక్షణ ఇవ్వడంలో అసలు పని ఇదే.

పీహెచ్‌సీలో నెలనెలా జరిగే సమావేశంలో ఈ ఒక్క నైపుణ్యానికి రెండు గంటలు దొరికాయనుకుందాం. హాజరయ్యేది పదహారు మంది. కొందరు పదేళ్లుగా పని చేస్తున్నవాళ్లు, కొందరు కొత్తవాళ్లు. పొద్దున్నే ఇంటి పని ముగించుకుని, బస్సో ఆటోనో పట్టుకుని వచ్చినవాళ్లు. ఇలాంటి చోట సాధారణంగా ప్రొజెక్టర్ పెట్టి నవజాత శిశు సంరక్షణ మొత్తాన్నీ స్లైడ్లలో చూపిస్తారు. చివర్లో ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ ‘అయింది’ అంటారు. అబద్ధమేమీ కాదు, నిజంగానే అర్థమైంది. కానీ అర్థం కావడం వేరు, కాళ్లూ చేతులూ ఆడిస్తున్న బిడ్డ పొట్ట మీద నిమిషం పాటు చూపు నిలపడం వేరు.

అందుకే ఈ సెషన్‌ను చివరి నుంచి మొదటికి తయారు చేసుకోవాలి. ముందు లక్ష్యం, ఆ తర్వాత దాన్ని తేల్చే పరీక్ష, ఆ పరీక్షకు కావలసిన అభ్యాసం. చెప్పాల్సిన మాటలు అన్నిటికన్నా ఆఖరున రాసుకోవాలి. ‘శ్వాస లెక్కింపుపై అవగాహన కల్పించడం’ అని రాస్తే అది లక్ష్యం కాదు, ఎందుకంటే అవగాహన వచ్చిందో లేదో గదిలో ఎవరూ చూసి చెప్పలేరు. శిక్షణ లక్ష్యాలు ఎలా రాయాలో 1962లో వచ్చిన పుస్తకంలో అమెరికన్ విద్యావేత్త రాబర్ట్ మేజర్ మూడు విషయాలు అడిగాడు: నేర్చుకున్న మనిషి ఏం చేసి చూపాలి, ఏ పరిస్థితిలో చేయాలి, ఎంత బాగా చేస్తే చాలు. ఆ లెక్కన మన లక్ష్యం ఇలా ఉంటుంది: ‘కొత్త బిడ్డ వీడియో ఇస్తే, ఎవరి సాయమూ లేకుండా పూర్తి నిమిషం లెక్కపెట్టి, అసలు సంఖ్యకు రెండు అటూ ఇటూగా చెప్పాలి. 60 లేదా పైన వస్తే మళ్లీ లెక్కపెట్టి, పంపాలో వద్దో నిర్ణయించాలి.’ రెండు తేడాను ఎందుకు ఒప్పుకోవాలంటే, నిపుణులిద్దరు ఒకే బిడ్డను లెక్కపెట్టినా ఒకటీ రెండూ తేడా రావడం మామూలే.

లక్ష్యం ఇంత ఇరుకుగా రాసుకుంటే వదిలేయాల్సినవేమిటో కూడా తేలిపోతుంది. తల్లులు ‘డొక్కలెగరేస్తోంది’ అని చెప్పే లక్షణం చాలా ముఖ్యమైనది, అయినా దానికి ఇంకో రోజు కేటాయించాలి. బరువు తూచడం, జ్వరం చూడటం కూడా అంతే. రెండు గంటల్లో ఒక్క పని చేతికి పట్టుబడితే చాలు.

సెషన్‌కు ముందురోజు శిక్షకులు పడాల్సిన శ్రమంతా వీడియోల దగ్గర ఉంటుంది. తల్లిదండ్రుల అనుమతితో తీసినవో, శిక్షణ కోసం తయారైనవో నిమిషం నిడివి వీడియోలు ఎనిమిదీ పదీ కావాలి. ప్రతిదాన్నీ ఇద్దరు విడివిడిగా, నెమ్మదిగా నడిపి లెక్కించి, ఇద్దరిదీ ఒకే సంఖ్య వచ్చినవే ఉంచుకోవాలి. అన్నీ నిమిషానికి 40 దగ్గరో 80 దగ్గరో ఉంటే లాభం లేదు. 57, 59, 61, 63 లాంటివి సగమైనా ఉండాలి. తప్పు జరిగితే ఫలితం తారుమారయ్యేది ఆ గీత దగ్గరే.

సెషన్ మొదలు కాగానే స్వాగతోపన్యాసం లేకుండా ఒక వీడియో నడుస్తుంది. ఎవరికి వచ్చిన సంఖ్య వాళ్లు చీటీ మీద రాసి, పేరు లేకుండా ఇస్తారు. పదహారు అంకెలూ బోర్డు మీదికెక్కుతాయి. అందరూ చూసింది ఒక్క బిడ్డనే, బోర్డు మీద మాత్రం 38 నుంచి 90 దాకా ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఈ పని చేసిన మనిషికి ‘మీకు రాదు’ అని ఎవరైనా చెబితే మనసు మూసుకుపోతుంది. తన అంకె మిగతావాళ్ల అంకెలకు దూరంగా కనిపిస్తే, అదెందుకో తెలుసుకోవాలని ఆమెకే అనిపిస్తుంది. ఈ పది నిమిషాలకు ఉన్న విలువ అది.

తర్వాతి పావుగంట చూపించడానికి. శిక్షకురాలు మొదట ఒక్క మాట కూడా మాట్లాడకుండా పని మొత్తం ఒకసారి చేస్తుంది. రెండోసారి ఒక్కో అడుగూ చెబుతూ చేస్తుంది: బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, బట్ట పైకి తీయాలి, పొట్ట బాగా కదిలే ఒక్క చోటే చూడాలి, పొట్ట పైకి లేస్తే ఒకటి. మూడోసారి ఆమె చేస్తుంటే వచ్చినవాళ్లు అడుగులు చెబుతారు. ఈ మూడో విడతను తొందరలో వదిలేసేవాళ్లే ఎక్కువ. ఎవరు ఏ అడుగు మరిచారో బయటపడేది మాత్రం ఇక్కడే.

ఇక యాభై నిమిషాల అభ్యాసం. నలుగురేసి నాలుగు బృందాలు, ఇద్దరు శిక్షకులు. ఒక వీడియో, ఒక అంకె, వెంటనే అసలు సంఖ్య. ఇలా ఆరేడు సార్లు. శిక్షకులు ప్రతి ఒక్కరి అంకెలనూ వరుసగా రాసుకుంటారు, ఎందుకంటే తప్పు ఎక్కడుందో ఆ వరుసే చెబుతుంది. అసలు 46 ఉన్నచోట 90 రాసిన ఆమె ఊపిరి లోపలికి తీయడాన్ని ఒకటిగా, వదలడాన్ని ఇంకొకటిగా లెక్కిస్తోంది. ప్రతిసారీ అయిదారు తక్కువ వస్తున్న ఆమె మధ్యమధ్యలో గడియారం చూస్తోంది, చూసిన ప్రతిసారీ ఒకటో రెండో శ్వాసలు జారిపోతున్నాయి. ఫోన్‌లో నిమిషానికి అలారం పెట్టుకోమంటే ఆమె సమస్య తీరిపోతుంది. 48, 56, 64... అన్నీ నాలుగుతో భాగించబడే అంకెలే వస్తున్నాయంటే, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తోందని అనుమానించాలి. పసిబిడ్డల ఊపిరి ఒకే తీరుగా సాగదు. కాసేపు గబగబా తీసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. పదిహేను సెకన్లలో పరుగే పడిందా, ఆ విరామమే పడిందా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. పూర్తి నిమిషం లెక్కించాలనడం అందుకే. ఒక్క అంకెతో మాత్రం ఎవరి మీదా ఈ తీర్పు ఇవ్వకూడదు, మూడైనా చూడాలి.

శిక్షకురాలి మాట ఇలా ఉండాలి: ‘అక్కా, మీ మూడు లెక్కలూ అసలుదానికన్నా అయిదు తక్కువొచ్చాయి. మధ్యలో రెండుసార్లు గడియారం చూశారు. ఈసారి అలారం పెట్టుకుని పొట్ట మీదే చూపు పెట్టండి.’ చూసిందేమిటో చెప్పి, ఈసారి ఏం మార్చాలో చెప్పి, వెంటనే ఇంకో వీడియో ఇవ్వాలి. ‘చాలా బాగా చేశారు’, ‘ఇంకాస్త శ్రద్ధ పెట్టండి’ అనే రెండు మాటలతోనూ లెక్క మారదు. పనితీరు మీద ఇచ్చే ఫీడ్‌బ్యాక్ గురించి జరిగిన వందలాది ప్రయోగాలను క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు 1996లో కలిపి చూశారు. మూడింట ఒకవంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా దిగజారింది. మాట పని మీది నుంచి మనిషి మీదికి జరిగేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుందని వాళ్లు వివరించారు. మెప్పుకూ అది వర్తిస్తుంది.

పది నిమిషాల టీ తర్వాత పాతిక నిమిషాలు నటించి చూపే అభ్యాసం. లెక్క తెలిసినంత మాత్రాన బిడ్డ ఆస్పత్రికి చేరదు. ఒకరు తల్లి, ఒకరు అత్తగారు, ఒకరు ఆశా, నాలుగో మనిషి గమనించేవాళ్లు. వీడియోలో రెండుసార్లు లెక్కిస్తే 63, 64 వచ్చాయి. అత్తగారు ‘పురుడు వెళ్లకముందే పసిగుడ్డును గడప దాటిస్తామా?’ అంటుంది. ఆశా అప్పుడు ఏం చెబుతుంది? బిడ్డ పొట్టను అత్తగారికే చూపించి, పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ లెక్కపెడుతుందా? 108కి ఎవరు ఫోన్ చేయాలో, తోడు ఎవరు వెళ్లాలో అక్కడికక్కడే తేలుస్తుందా? గమనించే మనిషి చేతిలో నాలుగు అంశాల చీటీ ఉంటుంది: రెండోసారి లెక్కించిందా, అంకెను ఇంట్లోవాళ్లకు చెప్పిందా, ఎప్పుడు వెళ్లాలో చెప్పిందా, దారిలో బిడ్డను వెచ్చగా ఉంచమందా. తోటి ఆశా ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఆ నాలుగింటికే పరిమితం కావాలి, లేకపోతే అది ‘బాగా మాట్లాడావు’ దగ్గర ఆగిపోతుంది.

చివరి పది నిమిషాల్లో ఎవరూ చూడని కొత్త వీడియోలు రెండు, ఒకటి 58, ఒకటి 62. ఈసారి చీటీ మీద పేరు ఉంటుంది. మొదట్లో బోర్డు మీద రాసిన పదహారు అంకెల పక్కనే ఈ అంకెలూ రాస్తే, సెషన్ పని చేసిందో లేదో అక్కడే కనిపిస్తుంది. పదహారు మందిలో పదముగ్గురు రెండు తేడాలో ఉండి, ముగ్గురు లేకపోతే, ఆ ముగ్గురితో ఇంకో పది నిమిషాలు కూర్చోవాలి. నలుగురైదుగురిది ఒకే రకం తప్పయితే లోపం చూపించిన విధానంలో ఉంది, వచ్చే నెల ఆ పావుగంటను మార్చుకోవాలి.

ఆ రోజు వచ్చిన లెక్క నెల తర్వాత అలాగే ఉంటుందని అనుకోకూడదు. చదివింది మళ్లీ చదవడం కన్నా, గుర్తు తెచ్చుకుని రాయడం వల్ల వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికి 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల్లో తేల్చారు. కాబట్టి వారానికో వీడియోను ఆశాల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి, అంకెలు మాత్రం ఏఎన్‌ఎంకు విడిగా పంపమంటే ఖర్చు లేకుండా అభ్యాసం సాగుతుంది. కానీ వీడియోలో బిడ్డ పక్కకు తిరగదు, చీకటి గదిలో ఉండదు, దుప్పటి కింద ఉండదు. రెండు వారాల్లోగా ఏఎన్‌ఎం ఒక్కొక్కరితో కలిసి ఒక ఇంటికి వెళ్లి, ఇద్దరూ ఒకే నిమిషంలో ఒకే బిడ్డను లెక్కపెట్టి, అంకెలు చెప్పుకోకముందే రాసుకుని పోల్చుకోవాలి. ఆఖరి పరీక్షలో తేడా వచ్చిన ఆ ముగ్గురి ఇళ్ల వంతు ముందు రావాలి.