అమెరికా చేతికి చార్మినార్ గాజు

లాడ్ బజార్‌లో గాజుల కొట్టు ముందు కూర్చున్నవాళ్లు సైజు చెప్పక్కర్లేదు. కొట్టతను చెయ్యి పట్టుకుని, వేళ్ల కణుపుల దగ్గర ఒకసారి నొక్కి చూసి, ‘రెండు ఆరు’ అంటూ లోపలి అరలోంచి జత తీస్తాడు. అదే లక్క గాజును ఎట్సీలో పెట్టి డాలస్‌కో టొరంటోకో అమ్మాలంటే నొక్కి చూసే చెయ్యి ఉండదు. శీర్షిక, ట్యాగులు, ఫొటోలు కలిసి ఆ పని చెయ్యాలి. చెయ్యకపోతే అక్కడ గాజు చేతికెక్కదు, డబ్బు వాపసు అడుగుతారు. ఏడు సముద్రాలు దాటిన నాలుగు గాజులను వెనక్కి రప్పించే ఖర్చుకు కొత్తవి నాలుగు వస్తాయి.

ముందు ఒక మాట. ఎట్సీ 2005లో చేతిపని సరుకు కోసమే మొదలైన సంత. పాత వస్తువులూ, చేతిపనికి కావలసిన ముడిసరుకూ కూడా అమ్ముతారు గానీ, చేతిపని కింద పెట్టేది మీరు చేసిందో, కనీసం మీ డిజైన్‌తో చేయించిందో అయ్యుండాలి. బజారులో టోకున కొని పెడతానంటే కుదరదు. కాబట్టి కుంపటి దగ్గర కూర్చుని లక్క కరిగించి, వంచి, రాళ్లు అద్దే కుటుంబానిదే ఇక్కడ అసలు హక్కు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక సైజు. మన గాజుల కొలత అణాల లెక్క. అంగుళాన్ని పదహారు భాగాలు చేసి, రెండు అంగుళాల మీద ఎన్ని భాగాలో చెబుతాం. రెండు నాలుగు అంటే రెండుంపావు అంగుళాలు, అంటే 57 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం. రెండు ఆరు 60, రెండు ఎనిమిది 63.5, రెండు పది దాదాపు 67. దీన్ని అమ్మేవాళ్లు 2.4 అని చుక్క పెట్టి రాస్తారు. మనవాళ్లకు అర్థమవుతుంది. అమెరికా ఆవిడ మాత్రం దాన్ని రెండు పాయింట్ నాలుగు అంగుళాలని చదువుతుంది. అది 61 మిల్లీమీటర్లు. తన చేతికి సరిగ్గా 61 కావాలి కదా అని ఆర్డర్ పెడుతుంది, చేతికొచ్చేది 57. లక్క సాగదు, బలవంతంగా తోస్తే అతుకు దగ్గర పుటుక్కుమంటుంది. 2.10తో ఇంకా చిక్కు. మన లెక్కలో అది పెద్ద గాజు, చుక్క చూసి చదివేవాళ్లకు 2.4 కంటే చిన్నది.

అందుకని సైజు ఎంచుకునే చోట చుక్కలు మానేసి 2-6 (60 mm) అని రాయాలి. కొనేవాళ్లు తమ చెయ్యి ఎలా కొలుచుకోవాలో వివరణలో మొదటి రెండు వాక్యాల్లోనే చెప్పాలి. గాజు తొడుక్కునేటప్పటిలా బొటనవేలిని చిటికెన వేలి వైపు మడిచి, కణుపుల దగ్గర చెయ్యి అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట టేపు చుట్టాలి. వచ్చిన మిల్లీమీటర్లను 3.14తో భాగిస్తే వ్యాసం. 190 వచ్చిందనుకోండి, 60.5 అవుతుంది. రెండు ఆరు కాస్త బిగువు, సందేహముంటే రెండు ఎనిమిది తీసుకోమనండి. మణికట్టు కొలిచి పంపేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ కొలత దేనికీ పనికిరాదు.

ఫొటోలు 20 దాకా పెట్టుకోవచ్చు. ఎనిమిది బాగుంటే చాలు. మొదటిది వెతుకులాటలో చిన్న బొమ్మగా కనిపిస్తుంది, అంచులు కత్తిరించుకుపోతాయి కూడా, కాబట్టి గాజులు నడిమధ్యలో ఉండాలి, వెనక పట్టుచీర మడతలూ పూలూ వద్దు. లక్క మీది రాళ్లకు ఎండ సూటిగా తగిలితే తెల్లటి మచ్చలు తప్ప పని కనిపించదు. కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టి, పొద్దుటి వెలుగులో తీయండి. ఎరుపుతో ఫోను కెమెరా తరచూ మోసం చేస్తుంది, ముదురు కుంకుమ రంగు నియాన్‌లా మెరిసిపోతుంది. తీశాక అసలు గాజును తెర పక్కన పెట్టి చూసుకోవాలి. ఒక ఫొటో చేతికి తొడిగి, ఒకటి లోపలి అంచుల మధ్య స్కేలు పెట్టి. అతుకు కనిపించేలా ఇంకొకటి. దాన్ని దాచాలనిపిస్తుంది గానీ, ముందే చూసినవాళ్లు తర్వాత పగులని ఫిర్యాదు చెయ్యరు.

శీర్షికకు 140 అక్షరాలు ఇస్తారు. వాటిని నింపాలని రూలేం లేదు. దొరికిన మాటలన్నీ గుచ్చిన పాతకాలపు శీర్షికలు వద్దని ఎట్సీయే ఇప్పుడు చెబుతోంది. వస్తువేమిటో ముందు, మిగతాది వెనక:

```
Red Lac Bangles, Set of 4, Handmade in Hyderabad
```

ట్యాగులు 13, ఒక్కోటి ఖాళీలతో కలిపి 20 అక్షరాలు మించకూడదు. ఇక్కడ కొనేవాళ్లు రెండు రకాలని గుర్తుపెట్టుకోవాలి. మన ఊరి ఆడపడుచుకు లక్క అంటే తెలుసు, `lac bangles`, `hyderabadi bangles` అని వెతుకుతుంది. భారతీయ స్నేహితురాలి పెళ్లికి వెళ్లే అమెరికా అమ్మాయికి లక్క సంగతి తెలీదు, సందర్భాన్ని బట్టి `mehndi party bangles` అంటుంది. అది సరిగ్గా 20 అక్షరాలు. `indian wedding bangles` 22 అవుతుంది, పట్టదు; `indian bridal bangle` పడుతుంది. రంగును విడిగా ఎంచుకునే గడి ఉంది, అదీ ట్యాగులాగే పనిచేస్తుంది, దానికోసం మరో ట్యాగు ఖర్చు చెయ్యక్కర్లేదు. స్పెల్లింగ్ అమెరికావాళ్లది వాడండి, `jewelry` అని. ఇంకొకటి: ప్లాస్టిక్ కాదు కదా అని కొందరు `vegan` అని తగిలిస్తారు. లక్క పురుగు నుంచి వచ్చే పదార్థం. ఆ ట్యాగు అబద్ధం.

లిస్టింగ్‌కు 20 సెంట్లు, నాలుగు నెలలకు. అమ్ముడైతే 6.5 శాతం, అది షిప్పింగ్ మీద కూడా. 38 డాలర్ల గాజులకు 12 డాలర్ల రవాణా వేస్తే 50 మీద 3.25 డాలర్లు పోతాయి, చెల్లింపుల రుసుము వేరే. బయటి ప్రకటనల ద్వారా వచ్చిన బేరమైతే చిన్న దుకాణాలకు ఇంకో 15 శాతం, అంటే ఏడున్నర డాలర్లు. ఏడాదికి 10,000 డాలర్ల లోపు అమ్మేవాళ్లు దాన్ని సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు. మొదట్లో ఆపడమే మేలని నా అభిప్రాయం.

పంపడానికి ఎగుమతి కోడ్ కావాలి. పాన్ మీదే ఇస్తారు, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ సైట్‌లో 500 రూపాయలు. గాజుల్ని ఒకదాని మీద ఒకటి దొంతరగా పెడితే దారిలో రాయి రాయికి కొట్టుకుని ఊడుతుంది. ఒక్కోదాన్ని విడిగా చుట్టి, మధ్య ఖాళీలో కాగితం కూరి, గట్టి అట్టపెట్టెలో పెట్టాలి. పెట్టెను ఊపితే చప్పుడు రాకూడదు. వేడికి లక్క మెత్తబడుతుంది కాబట్టి ప్లాస్టిక్ కవరు గాజుకు అంటకుండా పల్చటి కాగితం ముందుండాలి. కస్టమ్స్ ఫారంలో ‘గిఫ్ట్’ అని రాయొద్దు, అమ్మినది బహుమతి కాదు. ఇమిటేషన్ నగలు, 7117 కోడ్, అమ్మిన ధర, భారత్‌లో తయారీ, అంతే.

అమెరికా 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఇచ్చిన సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. దాంతో మన తపాలా శాఖ అటు పార్సెళ్లు కొన్నాళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది, సుంకం బుకింగ్ దగ్గరే కట్టించుకునే పద్ధతిలో. సుంకం శాతం అప్పటినుంచీ నిలకడగా లేదు, కాబట్టి ధర నిర్ణయించే ముందు ఆనాటి రేటు కౌంటర్లో అడగాలి. యూరప్‌ది వేరే కథ. 150 యూరోల లోపు ఆర్డర్లకు వ్యాట్‌ను ఎట్సీయే కొనేవాళ్ల దగ్గర వసూలు చేసి ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు పార్సెల్ వివరాల్లో ఎక్కకపోతే అక్కడ రెండోసారి వ్యాట్ కట్టమంటారు. పైగా 2024 డిసెంబరు నుంచి అక్కడ అమ్మే వస్తువుకు యూరప్‌లోనే జవాబుదారీగా ఒక వ్యక్తో సంస్థో ఉండాలన్న నిబంధన వచ్చింది. నలుగురు పనిచేసే కార్ఖానాకు అది భారమే. అందుకే షిప్పింగ్ పట్టికలో మొదట అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా మాత్రం పెట్టి, యూరప్‌ను ఖాళీగా వదిలేయడం తెలివైన పని.