ఏ కుట్టు కూడు పెడుతోంది?

లేడీస్ టైలరింగ్ షాపు నడిపేవాళ్లను కదిపితే తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఊపిరి సలపనంత పని, చేతిలో మాత్రం రూపాయి నిలవడం లేదు." రెండూ నిజమే. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా మిషను తిరుగుతూనే ఉంటుంది. వచ్చిన డబ్బంతా ఒకే డబ్బాలో పడుతుంది. అందులో ఏ నోటు ఏ పని వల్ల వచ్చిందో, ఆ పని ఎన్ని గంటలు తిన్నదో ఎవరూ విడదీసి చూడరు. అలా విడదీసి చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. దాన్ని పరేటో సూత్రం అంటారు. ఎనభై – ఇరవై లెక్క అని కూడా చాలామంది వినే ఉంటారు.

విల్‌ఫ్రెడో పరేటో ఇటలీ ఆర్థికవేత్త. స్విట్జర్లాండులోని లోజాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. 1896–97లో అచ్చయిన తన పుస్తకంలో వేర్వేరు దేశాల ఆదాయాల లెక్కలు పక్కపక్కన పెట్టి, అన్నిచోట్లా సంపద కొద్దిమంది దగ్గరే పోగుపడుతోందని, ఆ పోగుపడే తీరు అంతటా ఒకేలా ఉందని చూపించాడు. ఆయన చెప్పింది డబ్బు పంపకం గురించే. దాన్ని ఫ్యాక్టరీ పనిలోకి తెచ్చినవాడు అమెరికాలో స్థిరపడిన నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జురాన్. చెడిపోయిన సరుకును కారణాల వారీగా లెక్కపెడితే, ఎక్కువ నష్టం రెండు మూడు కారణాల వల్లే వస్తోందని గమనించి, ఆ గుణానికి పరేటో పేరు తగిలించాడు. పరేటో అంత దూరం వెళ్లలేదని, ఆ పేరు పెట్టడం తన పొరపాటేనని 1975లో జురానే ఒక వ్యాసం రాశాడు. అప్పటికే పేరు స్థిరపడిపోయింది.

ఇక మన షాపు సంగతి. ఒక చిన్న పట్టణంలో ఒక్కతే షాపు నడుపుకునే టైలరమ్మను అనుకుందాం. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 25 రోజులు, మొత్తం 200 గంటలు పని చేస్తుంది. కింద చెప్పే రేట్లు, అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవి. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉంటాయి, లెక్క తీరు మాత్రం ఇదే.

ముందు ఒక నోటుబుక్కు కావాలి. పని ముట్టుకున్నప్పుడు టైము, వదిలినప్పుడు టైము, ఏం పని, ఎవరిది, ఎంత తీసుకున్నది, లైనింగుకీ హుక్కులకీ దారానికీ చేతి నుంచి ఎంత పెట్టింది. ఒక్కో పనికి ఒక్కో లైను. డబ్బులు రాని పనులు కూడా రాయాలి. మ్యాచింగ్ లైనింగు కోసం బజారుకు వెళ్లిరావడం, బిగుతైందని తిరిగొచ్చిన జాకెట్టు విప్పి కుట్టడం ఇలాంటివే. చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. జ్ఞాపకం మీద రాస్తే ఈ గంటలు కనబడవు, ఎందుకంటే వాటిని మనం పని కిందే లెక్కేసుకోం.

నెల తిరిగేసరికి బుక్కులో ఇలా తేలిందనుకోండి. లైనింగు జాకెట్లు 40. ఒక్కోదానికి గంటన్నర, ఖర్చు పోను 320 రూపాయలు. అంటే 60 గంటలకు 12,800. బోట్ నెక్కు, బుట్ట చేతులు లాంటి మోడల్ జాకెట్లు 12. ఒక్కోదానికి మూడు గంటలు, మిగిలేది 700. 36 గంటలకు 8,400. చీరలకు ఫాల్, జిగ్‌జాగ్ 50. అరగంట చొప్పున 25 గంటలు, వచ్చింది 3,000. ప్లెయిన్ జాకెట్లు, చుడీదార్లు, పిల్లల గౌన్లు అన్నీ కలిపి 40 గంటలు, 5,300. లూజు చేయడం, బిగించడం లాంటి ఆల్టరేషన్లకు 18 గంటలు, 1,350. బజారు తిరుగుడుకు 9, కుట్టినదే మళ్లీ కుట్టడానికి 12 గంటలు. వీటికి పైసా రాలేదు.

మొత్తం 30,850 రూపాయలు. ఇప్పుడు పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పేర్చి, పైనుంచి కలుపుకుంటూ రావాలి. మొదటి రెండు పనులే 21,200. నూటికి దాదాపు 69 వంతులు. వాటికి పట్టింది 96 గంటలు, సగానికి కాస్త తక్కువ.

ఎనభైకి ఇరవై రాలేదేమని కంగారు పడక్కర్లేదు. ఎనభై, ఇరవై అన్నవి శాసనం కాదు, ఊతపదాలు. అవి రెండూ కలిసి వంద కావడం కూడా కాకతాళీయమే. ఒకటి ఫలితంలో వాటా, ఇంకొకటి శ్రమలో వాటా. డెబ్బైకి పది రావచ్చు, అరవైకి నలభై రావచ్చు. ఒంటి చేత్తో చేసే పనుల్లో ఈ తేడా కొంత తక్కువగానే ఉంటుంది, ఎందుకంటే ప్రతి రూపాయికీ మనిషి చేతులు కదలాల్సిందే. మనం వెతికేది అంకెను కాదు, వరుసలో ఎక్కడ పెద్ద దిగుడు పడిందో దాన్ని. ఇక్కడ ఆ దిగుడు లైనింగు, మోడల్ జాకెట్ల తర్వాత స్పష్టంగా ఉంది. గంట లెక్కన చూసినా అంతే. ఆ రెండింటిలో గంటకు 210 నుంచి 230 దాకా పడుతోంది. ఫాల్‌లో 120, ఆల్టరేషన్‌లో 75.

ఇక్కడే తొందరపాటు నిర్ణయాలు పుడతాయి. "అయితే ఫాల్ మానేస్తే సరి" అనిపిస్తుంది. మానేసే ముందు బుక్కులో ఇంకోటి వెతకాలి: ఆ 50 చీరల్లో జాకెట్టుతో కలిసి వచ్చినవి ఎన్ని? 34 అని తేలిందనుకోండి. అప్పుడు ఫాల్ అన్నది తక్కువ గిట్టే పని మాత్రమే కాదు, జాకెట్లను షాపులోకి తెచ్చే పని కూడా. చీర ఒకచోట, జాకెట్టు ఇంకోచోట ఇచ్చి తిరిగే ఓపిక ఎవరికుంటుంది? ఫాల్ వేయనంటే చీరతోపాటు జాకెట్టు కూడా పక్క షాపుకు వెళ్తుంది. పరేటో వరుస ఏ పని ఎంత తెచ్చిందో చెబుతుంది గానీ, ఏ పని ఏ పనిని లాక్కొచ్చిందో చెప్పదు. దాన్ని మనమే చూసుకోవాలి.

కాబట్టి మానడం కాదు, చేతులు మార్చడం. ఫాల్‌ను చేత్తో హెమ్మింగ్ చేసే పని వీధిలో ఇంకొకరికి చీరకు 25 రూపాయల చొప్పున ఇస్తే, నెలకు 1,250 ఆమెకు వెళ్తుంది. జిగ్‌జాగ్ వరకు మన మిషను మీదే వేసుకుంటే అయిదు గంటలు పోతుంది, ఇరవై గంటలు మిగులుతాయి. ఇరవై గంటల్లో 13 లైనింగు జాకెట్లు, 4,160 రూపాయలు. ఇచ్చింది పోను 2,910 అదనం. పనిగంట ఒక్కటి కూడా పెరగలేదు.

ఈ లెక్క నిలబడాలంటే ఒక షరతుంది. ఆ 13 జాకెట్లు ఇచ్చేవాళ్లు ఉండాలి. లేకపోతే మిగిలిన ఇరవై గంటలూ ఖాళీయే, 1,250 నష్టం. ఉన్నారా లేదా అన్నది మామూలు లెక్కల పుస్తకంలో దొరకదు, వచ్చిన పనే కదా అందులో ఉండేది. "పది రోజులవుతుందమ్మా" అన్నప్పుడు వెనక్కి పట్టుకెళ్లిన చీరలెన్నో విడిగా రాసుకోవాలి. నెలకు పదిహేను ఇరవై అలా పోతుంటే ఫాల్ పని ధైర్యంగా ఇచ్చేయొచ్చు. రెండో మూడో అయితే అలాగే ఉండనివ్వడం మేలు.

కాలం సంగతీ ఉంది. శ్రావణంలో రాసిన బుక్కుకు, మూఢంలో రాసిన బుక్కుకు పోలికే ఉండదు. పెళ్లిళ్ల నెలలో మోడల్ జాకెట్లు వరుసలో పైకెక్కి కూర్చుంటాయి. ముహూర్తాల్లేని నెలలో షాపు అద్దె కట్టేది చుడీదార్లూ ఆల్టరేషన్లే. ఒక్క నెల చూసి ఒక పనిని తీసేస్తే ఇంకో నెల ఆ పని కోసమే వెతుక్కోవాల్సి వస్తుంది. కనీసం ఒక ముహూర్తాల నెల, ఒక ఖాళీ నెల రాసి రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

నా దృష్టిలో ఈ పద్ధతి ఎక్కువగా పనికొచ్చేది సంపాదన దగ్గర కాదు, జురాన్ మొదలుపెట్టిన చోటే, అంటే తప్పుల దగ్గర. పైసా రాని ఆ 12 గంటలు గుర్తున్నాయి కదా. ఆ నెలలో తిరిగొచ్చిన జాకెట్లు 18 అనుకుందాం. ప్రతిదాని పక్కనా ఎందుకొచ్చిందో రాస్తే, 9 చేతులు పట్టేశాయని, 4 మెడ జారుతోందని వచ్చాయి. పొడవు, హుక్కులు వగైరా కలిపి మిగతా 5. రెండు కారణాలే పదమూడింటికి మూలం. ఇంకాస్త లోపలికి వెళ్తే, చేతులు పట్టేసిన ఆ తొమ్మిదీ ఆది జాకెట్టు చూసి కుట్టినవే. ఆది జాకెట్టు కుట్టించి మూడేళ్లయి ఉంటుంది, ఈలోపు మనిషి ఒళ్లు చేసి ఉంటుంది. కొలత తప్పలేదు, కొలిచిన వస్తువే పాతది.

దీనికి మందు రెండు నిమిషాల పని. ఆది జాకెట్టు చేతికివ్వగానే "ఇది ఇప్పుడు వేసుకుంటున్నదేనా అమ్మా, చేతుల దగ్గర పట్టట్లేదు కదా?" అని అడిగి, చేతి చుట్టుకొలత, చంక చుట్టుకొలత ఒంటి మీద టేపు పెట్టి మళ్లీ చూడటం. నెలకు 50కి పైగా జాకెట్లు వస్తే రెండు గంటలు కూడా పట్టదు. ఆ తొమ్మిదీ ఆగిపోతే దాదాపు ఆరు గంటలు మిగులుతాయి, పండగ ముందురోజు షాపులో గొడవా తప్పుతుంది.

ఇదే బుక్కును పనుల వారీగా కాకుండా ఇళ్ల వారీగా పేర్చినా ఉపయోగమే. అరవై డెబ్బై ఇళ్లు వస్తుంటే అందులో డజను ఇళ్లే సగం డబ్బు ఇస్తుండొచ్చు. వరలక్ష్మీ వ్రతానికి అందరూ గురువారానికే కావాలన్నప్పుడు ముందు ఎవరి జాకెట్టు పట్టుకోవాలో ఆ వరుస చెబుతుంది. అయితే కొత్తగా వచ్చిన మనిషి ఆ వరుసలో ఎప్పుడూ అడుగునే ఉంటుంది. నేర్చుకోవడానికి పెట్టిన గంటలూ అంతే. కొత్త మోడల్ కట్టింగ్ పాత గుడ్డ మీద వేసి చూసుకున్న నాలుగు గంటలకు ఆ నెల లెక్కలో సున్నాయే కనబడుతుంది. అలాంటి లైన్ల పక్కన ఒక గుర్తు పెట్టుకుని వరుసలోంచి పక్కకు తీసి ఉంచాలి, కొట్టేయకూడదు.

కిరాణా కొట్టయినా, ట్యూషన్లయినా, పచ్చళ్ల వ్యాపారమైనా ఈ లెక్క వేసుకోవచ్చు. కాలమ్‌ల పేర్లు మారతాయి, అంతే. వచ్చే నెల ఒకటో తారీఖున నోటుబుక్కు తెరవండి. చివరి పేజీ మాత్రం కాదన్న ఆర్డర్ల కోసం ఖాళీగా వదలండి.