బిఫోర్, ఆఫ్టర్, మధ్యలో 16 వారాలు

"30 రోజుల్లో 10 కిలోలు" అని జిమ్ పోస్టులో పెద్దక్షరాలతో కనిపిస్తే ఒకసారి లెక్క వేసి చూడండి. ఒక కిలో కొవ్వు కరగాలంటే, తిన్నదానికంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువగా ఖర్చవ్వాలి. 10 కిలోలకు 77,000. దాన్ని 30 రోజులకు పంచితే రోజుకు 2,500 దాటుతుంది. ఆఫీసులో కూర్చుని పనిచేసే నలభయ్యేళ్ల ఆడమనిషి ఒంట్లో రోజు మొత్తమ్మీద ఖర్చయ్యేది సాధారణంగా 1,800, 2,000 మధ్యన ఉంటుంది. అంటే నెల రోజులు మంచినీళ్లతో గడిపినా ఆ అంకె రాదు.

మరి అంత తగ్గినట్టు తూకం చూపించేవాళ్లు అసలు లేరా అంటే, ఉన్నారు. బాగా భారీకాయులు మొదట్లో వేగంగానే తగ్గుతారు. మిగతావాళ్ల తూకంలో పోయేది చాలావరకు నీరే. అన్నం, చపాతీల్లోని పిండిపదార్థాన్ని ఒళ్లు గ్లైకోజెన్‌గా మార్చి కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. దాచిన ప్రతి గ్రాముకూ సుమారు 3 గ్రాముల నీరు తోడుంటుంది. అన్నం మానేసిన మొదటి వారంలో ఆ నిల్వ తరిగి, నీరు కూడా పోతుంది. తూకం కిలోన్నర, రెండు కిలోలు పడిపోతుంది. పోస్టు పెట్టడానికి ట్రైనర్లు ఈ వారాన్నే ఇష్టపడతారు. తర్వాత ఏ పెళ్లిలోనో రెండు పూటలు కడుపునిండా భోంచేస్తే ఆ నీరంతా తిరిగొచ్చేస్తుంది.

తూకానికి ఈ వెసులుబాటు ఉంటే, ఫొటోకు ఇంకా ఎక్కువే ఉంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ డిక్సన్ అనే ట్రైనర్ 2013లో తన మీదే దీన్ని చేసి చూపించాడు. బిఫోర్, ఆఫ్టర్ రెండు ఫొటోలూ ఒకే రోజు తీశాడు. మధ్యలో గడ్డం, ఒంటి మీది వెంట్రుకలు గీసుకుని, కాస్త కసరత్తు చేసి కండలు పొంగించుకుని, లైటు మార్చుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చూసినవాళ్లకు నెలల తేడా కనిపించింది. అతను ఫొటోషాప్ జోలికి వెళ్లనేలేదు. ఎడిటింగ్ పట్టుకోవడం కాస్త తేలిక. వెనకున్న తలుపు అంచో, గోడ టైల్స్ గీతో నడుము దగ్గర వంకర తిరిగితే అనుమానించవచ్చు. నిలబడే తీరులో ఉన్న మోసానికి అలాంటి గుర్తు ఏదీ దొరకదు. బిఫోర్ రోజున "మేడమ్, పొట్ట వదిలెయ్యండి, రిలాక్స్‌గా ఉండండి" అన్న నోరే ఆఫ్టర్ రోజున "భుజాలు వెనక్కి, ఊపిరి లోపలికి" అంటుంది. ఇందులో ఎవరూ అబద్ధమాడినట్టు అనిపించదు. ఫొటో మాత్రం అబద్ధమే చెబుతుంది.

అందుకే నిజాయతీగా పోస్టు పెట్టాలనుకునే ట్రైనర్‌కు అసలు పని చివర్లో డిజైన్ చేసేటప్పుడు మొదలవదు, క్లయింట్ చేరిన మొదటి రోజే మొదలవుతుంది. బిఫోర్ ఫొటోను వెనక్కి వెళ్లి మళ్లీ తీయలేం కదా.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. విజయవాడలో ఓ చిన్న జిమ్, అందులో చేరిన 41 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని. తూకం 78.4 కిలోలు. మొదటి రోజు పొద్దున్నే, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, టిఫిన్ తినకముందు ఫొటో. జిమ్‌లో ఒక మూల నేల మీద రెండు టేపు ముక్కలు అతికించారు, ఒకటి ఆవిడ పాదాలకు, ఒకటి ఫోను స్టాండుకు. మధ్య దూరం 3 మీటర్లు. ఫోను ఆవిడ బొడ్డు ఎత్తులో ఉంది. ఛాతీ ఎత్తు నుంచి కిందికి వంచితే కాళ్లు పొట్టిగా, పొట్ట పెద్దగా పడతాయి. కెమెరా 1x మీదే ఉంది. 0.5x పెడితే అంచుల్లో ఉన్నదంతా సాగిపోతుంది. వెలుతురు ఎదురుగా కిటికీ నుంచి వస్తుంది. నెత్తి మీది ట్యూబ్‌లైటు ఆర్పేశారు, పైనుంచి పడే లైటు కండల కింద నీడలు పెట్టి లేని గీతలు చూపిస్తుంది. ముందు, పక్క, వెనక మూడు ఫొటోలు, ఊపిరి మామూలుగా వదిలాక, మొహంలో ఏ భావమూ లేకుండా. అదే టీషర్టును, ట్రాక్ ప్యాంటును ఆవిడ 16 వారాల తర్వాత మళ్లీ వేసుకోవాలి. నడుంపట్టీ అదే ఎత్తులో ఉండాలి. పట్టీని బొడ్డు కిందికి దించితే పొట్ట పొంగుతుంది, పైకి లాగితే అణిగిపోతుంది. నెలసరి ముందు రోజుల్లో ఒంట్లో నీరు చేరి తూకం కిలో వరకూ పెరగవచ్చు కాబట్టి, రెండో ఫొటో కూడా నెలలో అదే దశలో తీయడం మంచిది. ట్రైనర్ మగవాడైతే ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతాడు. చాలా జిమ్‌లలో ఆ పని రిసెప్షన్‌లో ఉండే అమ్మాయే చేస్తుంది.

టేపు కొలతకూ పద్ధతుంది. ఎక్కడ వీలైతే అక్కడ బిగించి చూడకూడదు. కింది పక్కటెముక అంచు ఒక గుర్తు, తుంటి ఎముక పై అంచు ఇంకో గుర్తు. వాటి మధ్య సరిగ్గా సగం దూరంలో టేపు చుట్టి, ఊపిరి వదిలిన చివర్లో అంకె చూడాలి. ఆవిడది మొదటి రోజు 98 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 దాటితే గుండెజబ్బు, షుగర్ల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు.

ఇక 16 వారాల కథ. మొదటి రెండు వారాల్లో 1.8 కిలోలు తగ్గి 76.6కు వచ్చింది. ఆ సంతోషం తర్వాత వేగం తగ్గింది. 8వ వారం చివరికి 73.9. 9 నుంచి 11 వారాల మధ్య ఇంట్లో పెళ్లి, ప్రయాణాలు. తూకం కదల్లేదు సరికదా 74.1కి ఎగబాకింది. మళ్లీ గాడిన పడి 16వ వారానికి 71.9. మొత్తం 6.5 కిలోలు, అంటే మొదటి బరువులో 8 శాతం పైన. నడుము 89. నీరు పోయిన మొదటి రెండు వారాలు తీసేస్తే, మిగతా 14 వారాల్లో తగ్గింది 4.7 కిలోలు, వారానికి సగటున 330 గ్రాములు. వారానికి అర కిలో నుంచి కిలో లోపు తగ్గితే మంచి వేగం అని సాధారణంగా చెప్పే మాట. పెళ్లిళ్లూ పండగలూ ఉన్న ఇంట్లో దాన్ని కూడా అందుకోలేకపోవడం మామూలే. ఇది మంచి ఫలితమని నా అభిప్రాయం. పోస్టర్ల పక్కన పెడితే మాత్రం వెలవెలబోతుంది, ట్రైనర్‌కు కక్కుర్తి పుట్టేది సరిగ్గా అక్కడే.

దీన్ని కారోసెల్‌గా, అంటే వేలితో పక్కకు జరుపుకుంటూ చూసే వరుస బొమ్మలుగా పేర్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎక్కువమంది మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోతారు. నచ్చితే దాన్నే స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. "ఫలితాలు మనిషిని బట్టి మారవచ్చు" అని ఏడో బొమ్మ అడుగున చిన్నక్షరాల్లో రాస్తే అది ఆ గ్రూపు దాకా రాదు. కాబట్టి 16 వారాలు, 78.4 నుంచి 71.9, వారానికి 4 రోజులు జిమ్, ఇవన్నీ ఫొటో మీదే ఉండాలి. రెండో బొమ్మలో వారం వారం తూకం గీత, 9-11 వారాల గూను అలాగే కనిపించేలా. ఆ తర్వాత ఆవిడ చేసిన పని: రోజుకు మూడున్నర వేల అడుగుల నుంచి 8,000కు పెరిగిన నడక, 6 కిలోల డంబెల్‌తో మొదలై 16కు చేరిన స్క్వాట్, రాత్రి అన్నం సగానికి తగ్గి పప్పు, గుడ్లు పెరగడం. తూకం గీత నిలిచిపోయిన వారాల్లో కూడా స్క్వాట్ బరువు పెరుగుతూనే ఉంది. చూసేవాళ్లకు పనికొచ్చేది ఈ సంగతే.

అన్నిటికంటే పెట్టడం కష్టమైన బొమ్మ ఇంకొకటుంది. ఆ బ్యాచ్‌లో చేరింది 22 మంది అనుకుందాం. 7 మంది మధ్యలో మానేశారు. మిగిలిన 15 మందిలో 5 కిలోల పైన తగ్గింది ముగ్గురు. 8 మంది 2 నుంచి 4 కిలోలు తగ్గారు. నలుగురికి తూకం కిలో కూడా కదల్లేదు. బ్యాంకు మేడమ్ ఆ ముగ్గురిలో ఒకరు. ఆవిడ ఫొటోలో ఒక్క అబద్ధమూ లేదు, అయినా ఆవిడ ఫొటో ఒక్కటే పెడితే చూసేవాళ్లకు "చేరితే ఇలా అవుతాం" అనే అర్థమవుతుంది. 22 మందిలో అలా అయింది ముగ్గురే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో తన మార్గదర్శకాలు మార్చింది ఇలాంటి ప్రకటనల కోసమే. అంతకుముందు "ఇది అందరికీ వచ్చే ఫలితం కాదు" అని ఓ ముక్క రాస్తే సరిపోయేది. ఇప్పుడు మామూలుగా వచ్చే ఫలితం ఏమిటో కూడా చెప్పాలి. మన దగ్గర వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022లో తప్పుదారి పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు వచ్చాయి. అలాంటి ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు ఉంది. గల్లీ జిమ్ మీదికి ఆ సంస్థ వస్తుందా అంటే రాకపోవచ్చు. ఫీజు కట్టి మూడు నెలల తర్వాత అద్దంలో చూసుకున్న క్లయింట్ మాత్రం వస్తాడు.

ఈమధ్య ఇంకో చిక్కు వచ్చిపడింది. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ మీద జరిగిన ఒక పెద్ద ట్రయల్‌లో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. డాక్టర్ సలహాతో ఆ మందు వాడుతున్న క్లయింట్ తగ్గితే, ఆ ఘనతంతా స్క్వాట్‌దే అని పోస్టు పెట్టడం మోసం. అలాగని ఆవిడ మందుల సంగతి లోకానికి చెప్పేసే హక్కు ట్రైనర్‌కు లేదు. ఆవిడ చెప్పడానికి ఒప్పుకుంటే చెప్పాలి, ఒప్పుకోకపోతే ఆ ఫొటోనే వాడకూడదు. మధ్యేమార్గం లేదు.

ఒప్పుకోలు అంటే కౌంటర్ దగ్గర "పెట్టుకోమంటారా మేడమ్?" అని అడిగి తలూపించుకోవడం కాదు. ఏ ఫొటోలు, మొహం కనిపిస్తుందా, ఎక్కడెక్కడ వాడతారు, డబ్బు పెట్టి ప్రమోట్ చేస్తారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఫీజులో తగ్గింపు ఇచ్చి ఫొటో తీసుకుంటే ఆ మాట పోస్టులోనూ ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కును కూడా గుర్తించింది. రేపు ఆవిడ తీసెయ్యమంటే, రెండు వేల లైకులొచ్చినా ఆ పోస్టు తీసెయ్యాల్సిందే.

ఏడాది తర్వాత అదే టేపు ముక్కల మీద ఆవిడను మళ్లీ నిలబెట్టి ఇంకో ఫొటో తీసే ట్రైనర్లు చాలా అరుదు. తగ్గిన బరువులో కొంత తిరిగి రావడం ఎక్కువమంది విషయంలో జరిగేదే. తూకం 73.6 చూపిస్తే అదే అంకెను పాత కారోసెల్ కింద కామెంట్‌గా రాసి పైన పిన్ చేయవచ్చు. 78.4 కంటే అది ఇంకా 4.8 కిలోలు తక్కువే.