లిస్టింగ్ కబురు విని కొనేవారి లెక్క

పెద్ద క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఏదైనా "ఫలానా కాయిన్‌ను మా దగ్గర లిస్ట్ చేస్తున్నాం" అని ప్రకటించిందంటే, ఆ కాయిన్ చిన్నదైతే ధర నిమిషాల్లో ఎగబాకుతుంది. తర్వాత చాలాసార్లు జరిగేది మాత్రం ఒకటే. కొన్ని గంటలో, కొన్ని రోజులో పైన ఊగిసలాడి, ఎక్కిన దారినే దిగివస్తుంది. బిట్‌కాయిన్ లాంటి పెద్దవాటిలో ఇది ఇంతగా కనిపించదు. చిన్నవాటిలోనే ఎందుకన్నది ఆర్డర్ బుక్ చూస్తే తెలుస్తుంది.

ఎవరు ఏ ధరకు ఎన్ని కాయిన్లు అమ్ముతామంటున్నారో, కొంటామంటున్నారో చూపే పట్టికే ఆర్డర్ బుక్. ఒక ఊహా కాయిన్ తీసుకుందాం. రూ.10కి 3,000, రూ.11కి 3,000, రూ.13కి 3,000 కాయిన్లు అమ్మకానికి ఉన్నాయి. లిస్టింగ్ కబురు వినగానే ఒకరు ధర చూడకుండా మార్కెట్ ఆర్డర్‌తో 9,000 కాయిన్లూ కొనేశారు. అయిన ఖర్చు రూ.1,02,000. చివరి కాయిన్ రూ.13కి అమ్ముడైంది కాబట్టి తెరమీద 30 శాతం పెరుగుదల కనిపిస్తుంది. మొత్తం కాయిన్లు 10 కోట్లు ఉన్నాయనుకుంటే, దాని మార్కెట్ విలువ రూ.100 కోట్ల నుంచి రూ.130 కోట్లకు చేరినట్టే. లక్ష రూపాయల కొనుగోలుకు కాగితం మీద రూ.30 కోట్లు పుట్టాయి!

ఆ తెర చూసి వచ్చినవాళ్లు రూ.13కీ, రూ.14కీ కొంటారు. కింద మాత్రం కొంటామన్నవాళ్లు ఇంకా రూ.10 దగ్గరే ఉంటారు. మధ్యలో ఖాళీ. పాత కాయిన్లున్న పెద్దమనిషి ఒకరు అమ్మకం మొదలుపెడితే ధర ఆ ఖాళీలోంచి జారి కింద పడుతుంది.

అమ్మేవాళ్లకు కొదవ ఉండదు. ప్రకటన చదవగానే కొనే బాట్లు మనకంటే ముందుంటాయి, లాభం కనిపించగానే అమ్మేస్తాయి. కాయిన్‌ను తయారుచేసినవాళ్లు, తొలిరోజుల్లో చవగ్గా కొన్నవాళ్లు ఇన్నాళ్లూ ఇంతమంది కొనేవాళ్లు దొరక్క ఆగి ఉంటారు. కొత్త ఎక్స్ఛేంజ్ ముందు డిపాజిట్లు తెరిచి, తర్వాత ట్రేడింగ్ మొదలుపెట్టడం మామూలు. ఆ వ్యవధిలో వాళ్ల కాయిన్లు అక్కడికి చేరిపోతాయి. లిస్టింగ్ మనకు కొనే అవకాశం అయితే, వాళ్లకు అమ్ముకునే అవకాశం.

ఇంకా బాధాకరమైన సంగతి ఏమిటంటే, కొన్నిసార్లు పరుగు ప్రకటన కంటే ముందే మొదలవుతుంది. అమెరికాలోని కాయిన్‌బేస్ 2022 ఏప్రిల్ 11న తాము లిస్టింగ్‌కు పరిశీలిస్తున్న కాయిన్ల జాబితా బయటపెట్టింది. అంతకు 24 గంటల ముందే ఒక వాలెట్ లక్షల డాలర్లు పోసి అందులోని కాయిన్లు కొన్నదని మర్నాడు ట్విట్టర్‌లో ఒక ట్రేడర్ ఎత్తిచూపారు. బ్లాక్‌చెయిన్ మీద లావాదేవీలు అందరికీ కనిపిస్తాయి కదా! దర్యాప్తు కాయిన్‌బేస్ లిస్టింగ్ విభాగంలో పనిచేసిన ఇషాన్ వాహీ దగ్గరికి వెళ్లింది. ఏ కాయిన్ ఎప్పుడు లిస్ట్ అవుతుందో ఆయన తన తమ్ముడు నిఖిల్‌కూ, ఒక స్నేహితుడికీ ముందే చెప్పేవారు. వాళ్లు ముందు కొని, ప్రకటన వచ్చాక అమ్మేవారు. 2021 జూన్ నుంచి 2022 ఏప్రిల్ దాకా కనీసం 25 కాయిన్లలో ఇలా చేశారని ప్రాసిక్యూటర్లు అభియోగం మోపారు. అన్నదమ్ములిద్దరూ నేరం ఒప్పుకున్నారు. 2023లో ఇషాన్‌కు రెండేళ్లు, నిఖిల్‌కు పది నెలలు జైలుశిక్ష పడింది. వాళ్లు అమ్మినప్పుడు ఎదురుగా కొన్నది ప్రకటన చదివి సంబరంగా వచ్చిన మామూలు మనుషులే అన్నది నన్ను ఎక్కువ కలచివేస్తుంది.

మన దేశంలో కొనేవారి లెక్క ఇంకా కఠినం. క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. అమ్మిన మొత్తంపై సాధారణంగా 1 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటారు, నష్టానికి అమ్మినా సరే. లక్షకు కొన్నది రూ.70,000కు అమ్మితే రూ.30,000 పోవడమే కాక, మరో రూ.700 టీడీఎస్‌గా ఆగిపోతుంది. ఆ రూ.700 రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. పోయిన రూ.30,000కు మాత్రం ఏ ఊరటా లేదు.

లిస్ట్ అయిన ప్రతి కాయినూ పడిపోతుందని కాదు, నిలబడినవీ ఉన్నాయి. కానీ కొనే ముందు మూడు సంగతులు చూడండి. ప్రకటన ఎక్స్ఛేంజ్ సొంత వెబ్‌సైట్‌లోనే ఉందా? టెలిగ్రామ్‌లో తిరిగే లిస్టింగ్ కబుర్లలో దొంగవీ ఉంటాయి. కబురుకు ముందు రోజుల్లోనే ధర, వాల్యూమ్ పెరిగాయా? పెరిగి ఉంటే మీకంటే ముందు తెలిసినవాళ్లు ఉండొచ్చు. ఇక ఆర్డర్ బుక్‌లో ఇప్పటి ధరకు దగ్గర్లో కొంటామన్న ఆర్డర్ల మొత్తం ఎంత? అది మీరు పెట్టబోయే డబ్బుకు తక్కువైతే, మీరు అమ్మే రోజున ధరను కిందికి తోసేది మీ ఆర్డరే. అలాంటి కాయిన్ జోలికి పోకండి.